సర్వోకి 20 మిల్లీసెకన్లు, ఎల్ఈడీకి ఒకటే: ఊనోలో Timer1 తో పీడబ్ల్యూఎం సెట్ చేసే లెక్క

ఆర్డ్యూయినో ఊనోలో 9వ పిన్‌కి ఒక చిన్న సర్వో కలిపి analogWrite(9, 128) అని రాస్తే అది మధ్యలోకి వచ్చి ఆగుతుందని చాలామంది అనుకుంటారు, ఎందుకంటే 128 అంటే 255లో సగం కదా. కానీ సర్వో గుర్రుమంటది, లేదా ఒక చివరకి పోయి కూర్చుంటది, లేదా అసలు కదలదు. ఇందులో సర్వో తప్పేమీ లేదు. analogWrite 9వ పిన్ మీద పంపేది సెకనుకి 490 సార్లు తిరిగే సిగ్నల్, అంటే ఒక్కో చుట్టు దాదాపు 2 మిల్లీసెకన్లు. సర్వో ఎదురుచూసేది 20 మిల్లీసెకన్లకి ఒకసారి వచ్చే పల్స్, ఆ పల్స్ కూడా 1 నుంచి 2 మిల్లీసెకన్ల పొడవుండాలి. సర్వో శాతాన్ని చూడదు, పల్స్ ఎంతసేపు పైన ఉందో దాన్నే కొలుస్తుంది, 1.5 మిల్లీసెకన్లు ఉంటే మధ్యలో ఆగుతుంది. ఎల్ఈడీ సంగతి దీనికి పూర్తిగా రివర్స్, దానికి పల్స్ పొడవుతో పనిలేదు, మొత్తం టైమ్‌లో ఎంత శాతం వెలిగిందన్నదే ముఖ్యం. రెండింటినీ పీడబ్ల్యూఎం అనే ఒకే పేరుతో పిలవడం వల్లే సగం గందరగోళం వస్తుంది.

ఊనో R3 మీద ఉండే ఏటీమెగా328పీ చిప్‌లో మూడు టైమర్లు ఉన్నాయి. Timer0, Timer2 ఎనిమిది బిట్లవి, Timer1 ఒక్కటే పదహారు బిట్లది. టైమర్ అంటే లోపల ఇంకేం లేదు, క్లాక్ కొట్టినప్పుడల్లా ఒకటి పెరిగే కౌంటర్. ఒక పై హద్దు వరకు లెక్కపెట్టి మళ్ళీ సున్నాకి వస్తుంది, ఆ హద్దుని టాప్ అంటారు. సున్నాకి వచ్చినప్పుడు పిన్ పైకి లేస్తుంది, కౌంటర్ మనం ఇచ్చిన ఇంకో నంబర్‌ని తాకినప్పుడు పిన్ కిందకి పడుతుంది. ప్రోగ్రామ్ ఏం చేస్తున్నా, ఏ లూప్‌లో ఇరుక్కున్నా ఈ పని దాని పాటికి అది జరుగుతూనే ఉంటుంది. digitalWrite, delayMicroseconds పెట్టి చేత్తో పల్స్ తయారుచేస్తే మధ్యలో millis తాలూకు ఇంటరప్ట్ వచ్చి కొన్ని మైక్రోసెకన్లు తినేస్తుంది, సర్వో సన్నగా వణుకుతుంది. హార్డ్‌వేర్ పీడబ్ల్యూఎంలో ఆ వణుకు పుట్టే చోటే లేదు.

ఇప్పుడు లెక్క. క్లాక్ 16 మెగాహెర్ట్జ్. టైమర్‌కి వెళ్ళే ముందు దాన్ని 1, 8, 64, 256, 1024లో ఏదో ఒకదానితో భాగించొచ్చు, అది ప్రీస్కేలర్, కింద N అంటే అదే. ఫార్ములా ఇదొక్కటే:

```
f = 16000000 / (N * (1 + TOP))
```

సర్వోకి 50 హెర్ట్జ్ కావాలి. ప్రీస్కేలర్ 1 పెడితే ఒక చుట్టుకి 3,20,000 అడుగులు కావాలి, పదహారు బిట్లలో 65,536 కంటే ఎక్కువ పట్టదు, కాబట్టి కుదరదు. 8 పెడితే సరిగ్గా 40,000 అడుగులు, ఇది పడుతుంది. 64 పెడితే 5,000, అదీ పడుతుంది, కానీ ఒక్కో అడుగు 4 మైక్రోసెకన్లు అయిపోతుంది. 8 దగ్గర ఒక్కో అడుగు అర మైక్రోసెకనే. అందుకని టాప్ టైమర్‌లో పట్టే వాటిలో అన్నిటికంటే చిన్న ప్రీస్కేలర్ తీసుకోవాలి, అప్పుడే అడుగు సన్నగా వస్తుంది. 40,000 అడుగులంటే సున్నాతో కలిపి కాబట్టి టాప్ 39999. పల్స్ 1.5 మిల్లీసెకన్లు అంటే 3,000 అడుగులు, అక్కడా అదే లెక్క, రాయాల్సింది 2999. ఈ ఒకటి తీసెయ్యడం మర్చిపోతే పెద్ద నష్టమేం లేదు, సర్వో అర మైక్రోసెకను తేడాని అసలు పట్టించుకోదు, కానీ ఎందుకు తీస్తున్నామో తెలిసుంటే రేపు ఎల్ఈడీ దగ్గర పనికొస్తుంది.

ఇదే పని ఎనిమిది బిట్ల Timer2తో చేస్తే ఏమవుతుందో ఒకసారి చూస్తే తేడా తెలుస్తుంది. ప్రీస్కేలర్ గరిష్ఠంగా 1024 పెట్టి 256 అడుగులు వాడితే 61 హెర్ట్జ్ వస్తుంది, చాలా సర్వోలు దానికి ఒప్పుకుంటాయి కూడా. కానీ ఒక్కో అడుగు 64 మైక్రోసెకన్లు. 1 నుంచి 2 మిల్లీసెకన్ల మధ్య 15 అడుగులు దాటి ఉండవు, ఆ దూరం 90 డిగ్రీలనుకుంటే ఒక్కో అడుగుకి దాదాపు 6 డిగ్రీలు గెంతుతుంది. కిలో రాయి పెట్టి బంగారం తూచినట్టు ఉంటుంది. Timer1తో అదే దూరంలో 2,000 అడుగులు దొరుకుతాయి.

రిజిస్టర్లలో దీన్ని ఇలా రాస్తారు, పిన్ 9 అంటే చిప్‌లో PB1, టైమర్ భాషలో OC1A:

```
TCCR1A = 0;
TCCR1B = 0;
TCNT1  = 0;
OCR1A  = 2999;
TCCR1A = (1 << COM1A1) | (1 << WGM11);
TCCR1B = (1 << WGM13) | (1 << WGM12);
ICR1   = 39999;
DDRB  |= (1 << PB1);
TCCR1B |= (1 << CS11);
```

WGM అని మొదలయ్యే నాలుగు బిట్లు టైమర్ ఏ పద్ధతిలో తిరగాలో చెప్తాయి. 13, 12, 11 పెట్టి 10ని ఖాళీగా వదిలితే డేటాషీట్ టేబుల్‌లో 14వ మోడ్, అంటే ఫాస్ట్ పీడబ్ల్యూఎం, టాప్ ICR1లో ఉంటుంది. COM1A1 పెడితే పిన్ టైమర్ చేతికి వెళ్తుంది. చివర్న CS11 పెట్టాక గానీ క్లాక్ మొదలవదు, ప్రీస్కేలర్ 8 అంటే అదే.

ఈ కోడ్‌లో వరుస చాలా ముఖ్యం, దీని గురించి కాస్త ఆగాలి. మొదటి రెండు సున్నాలు అలంకారానికి పెట్టినవి కావు. setup మొదలయ్యేలోపే ఆర్డ్యూయినో కోర్ analogWrite కోసం Timer1ని ముందే సెట్ చేసేసి ఉంటుంది, WGM10 ఒకటి, ప్రీస్కేలర్ 64 కోసం CS11, CS10 రెండూ పెట్టి ఉంటాయి. దాని మీద ఈ సున్నాలు లేకుండా |= తో మన బిట్లు కలిపితే పాతవి పోవు, కొత్తవాటితో కలిసిపోతాయి. డేటాషీట్ చూసి సరిగ్గానే రాశాం, అయినా పనిచెయ్యట్లేదు అని జుట్టు పీక్కునే సందర్భాల్లో చాలా వాటికి మూలం ఇదే. ఏ బిట్ మిగిలిపోతే ఏ లక్షణం కనిపిస్తుందో తెలిస్తే పట్టుకోవడం ఈజీ.

WGM10 మిగిలిపోతే 14వ మోడ్ కాస్తా 15వ మోడ్ అయిపోతుంది. అందులో టాప్ ICR1 కాదు, OCR1A. అంటే పిన్ ఎక్కడ కింద పడాలో చెప్పే నంబరే పై హద్దు కూడా అయిపోయింది, అప్పుడు పిన్ కింద పడే అవకాశమే ఉండదు, 9వ పిన్ నిరంతరం పైనే ఉండిపోతుంది. సర్వోకి పల్సే అందదు కాబట్టి ఊరికే చేత్తో తిప్పితే తిరిగేంత మెత్తగా ఉంటుంది. మల్టీమీటర్ పెడితే పూర్తి 5 వోల్టులు చూపిస్తుంది.

CS10 మిగిలిపోతే ఇంకోరకం. ప్రీస్కేలర్ 8 బదులు 64 అవుతుంది, అన్నీ ఎనిమిది రెట్లు సాగిపోతాయి, 50 హెర్ట్జ్ కాస్తా 6.25 అవుతుంది, పల్స్ 1.5 నుంచి 12 మిల్లీసెకన్లకి పోతుంది. దీన్ని మల్టీమీటర్‌తో పట్టుకోలేం. సరైన సిగ్నల్‌లో డీసీ రీడింగ్ 5 ని 1.5తో గుణించి 20తో భాగిస్తే వచ్చే 0.375 వోల్టులు. తప్పు సిగ్నల్‌లో 5 ని 12తో గుణించి 160తో భాగించినా అదే 0.375. శాతం మారలేదు, మారింది టైమ్ ఒక్కటే, మీటర్ టైమ్‌ని చూడలేదు (మరీ నెమ్మది సిగ్నల్ కాబట్టి అంకె కాస్త ఊగొచ్చు, అంతే). ఇలాంటప్పుడు లాజిక్ అనలైజర్ లేకపోయినా అదే పిన్‌కి 330 ఓమ్‌ల రెసిస్టర్‌తో ఒక ఎల్ఈడీ పెడితే చాలు, 6 హెర్ట్జ్ అయితే టకటకా కొట్టుకోవడం కంటికే కనిపిస్తుంది, 50 అయితే దాదాపు నిలకడగా మసకగా వెలుగుతుంది. అనలైజర్ ఉంటే పని ఇంకా సులువు, చుట్టు 20 మిల్లీసెకన్లు, పల్స్ 1.5 మిల్లీసెకన్లు అని రెండు అంకెలు చూస్తే అయిపోయింది.

ICR1ని మోడ్ బిట్ల తర్వాతే రాయడానికి కూడా కారణం ఉంది. ICR1 టాప్‌గా పనిచేసే మోడ్‌లో ఉంటేనే ఆ రిజిస్టర్‌లోకి రాయనిస్తుంది చిప్, ముందే రాస్తే ఆ విలువ నిలవదు, ఎర్రర్ కూడా రాదు. OCR1A సంగతి దీనికి ఎదురు. పీడబ్ల్యూఎం మోడ్‌లోకి వెళ్ళాక OCR1Aకి రాసింది నేరుగా వెళ్ళదు, ఒక బఫర్‌లో కూర్చుని కౌంటర్ సున్నాకి వచ్చినప్పుడు అమల్లోకి వస్తుంది. అందుకే మొదటి విలువని మామూలు మోడ్‌లో ఉన్నప్పుడే రాసేస్తే తిన్నగా వెళ్ళిపోతుంది. ఈ బఫర్ నిజంగా గొప్ప ఏర్పాటు. ప్రోగ్రామ్ ఏ క్షణంలో కొత్త కోణం ఇచ్చినా నడుస్తున్న పల్స్ మధ్యలో తెగదు, తర్వాతి చుట్టు నుంచి కొత్త పొడవు వస్తుంది. ICR1కి మాత్రం ఇలాంటి బఫర్ లేదు. టైమర్ తిరుగుతుండగా దాన్ని తగ్గిస్తే, కౌంటర్ అప్పటికే ఆ కొత్త హద్దు దాటి ఉంటే, 65,535 దాకా పోయి గానీ వెనక్కి రాదు, ఒక చుట్టు పాడవుతుంది. కాబట్టి ఫ్రీక్వెన్సీని ఒకసారి పెట్టి వదిలెయ్యడమే మంచిది.

ఆ తర్వాత కోణం మార్చడానికి ఒక్క లైన్ చాలు, మైక్రోసెకన్లని రెండుతో గుణించి ఒకటి తీసెయ్యడమే:

```
OCR1A = us * 2 - 1;
```

ఏ పొడవుకి ఏ కోణం అన్నది సర్వోని బట్టి మారుతుంది. 1000 నుంచి 2000 మైక్రోసెకన్లు దాదాపు అన్నిటికీ సేఫ్, చాలా చిన్న సర్వోలు 180 డిగ్రీలు తిరగాలంటే ఇంకా వెడల్పు కావాలి, ఆర్డ్యూయినో సర్వో లైబ్రరీ డిఫాల్ట్‌గా 544 నుంచి 2400 వరకు వాడుతుంది. కొత్త సర్వోకి 1000, 2000 దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా బయటికి జరుపుతూ, లోపల పళ్ళు చివరకి తగిలి గుర్రుమనే చోటికి ముందే ఆగిపోవాలి. అక్కడే నొక్కిపెట్టి ఉంచితే మోటార్ వేడెక్కి పోతుంది.

అర మైక్రోసెకను అడుగు ఉంది కదా, అంటే సర్వో అంత సన్నగా కదులుతుందా అంటే, కదలదు. SG90 లాంటి చిన్న సర్వోకి స్పెక్స్‌లో రాసే డెడ్ బ్యాండ్ 10 మైక్రోసెకన్లు, అంటే అంతకంటే చిన్న మార్పుని అది లెక్కచెయ్యదు. 1 మిల్లీసెకనుకి 90 డిగ్రీలు అనుకుంటే 10 మైక్రోసెకన్లంటే దాదాపు ఒక డిగ్రీ. ఆ పైన గేర్ల లూజు వేరే. టైమర్ వైపు నుంచి ఇబ్బంది లేదు అన్నంత వరకే ఆ 2,000 అడుగుల అర్థం.

ఇంకొకటి, అడుగు సన్నగా ఉండటం వేరు, అడుగు నిజంగా అర మైక్రోసెకనే ఉండటం వేరు. మొదటిది లెక్కతో వస్తుంది, రెండోది క్లాక్ నుంచి వస్తుంది. ఊనోలో ఏటీమెగా328పీకి పెట్టింది సిరామిక్ రెజొనేటర్, దాని తేడా అర శాతం అనుకుంటే 1.5 మిల్లీసెకన్లలో ఏడెనిమిది మైక్రోసెకన్లు, ఒక డిగ్రీ లోపే. కానీ అదే చిప్‌ని బ్రెడ్‌బోర్డ్ మీద విడిగా పెట్టి, లోపలి 8 మెగాహెర్ట్జ్ ఆర్‌సీ ఆసిలేటర్ మీద నడిపితే ఫ్యాక్టరీ క్యాలిబ్రేషన్ ప్రకారం డేటాషీట్ ఇచ్చే హామీ ప్లస్ ఆర్ మైనస్ 10 శాతమే. 10 శాతం నిజంగానే తప్పితే 1.5 అనుకున్నది 1.35 అవుతుంది, సర్వో 13 డిగ్రీల పైన పక్కకి నిలబడుతుంది. వోల్టేజీ, వేడి మారితే కూడా జరుగుతుంది. అలాంటి బోర్డులో కోణం తప్పుగా వస్తుంటే కోడ్‌లో వెతకడం దండగ, క్రిస్టల్ పెట్టాలి (క్లాక్ 8 అయింది కాబట్టి లెక్క కూడా మళ్ళీ వెయ్యాలి, 20 మిల్లీసెకన్లకి ఇప్పుడు 20,000 అడుగులే).

సర్వో వణుకుతుంటే కూడా అందరి చూపు ముందు పీడబ్ల్యూఎం మీదే పడుతుంది, కానీ హార్డ్‌వేర్ టైమర్ వాడుతున్నప్పుడు అనుమానించాల్సింది కరెంటుని. సర్వో కదలడం మొదలుపెట్టే క్షణంలో వందల మిల్లీయాంపియర్లు లాగుతుంది, యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులు కుంగిపోతాయి, ఒక్కోసారి బోర్డే రీసెట్ అవుతుంది. సర్వో పవర్ వైర్ ఒక్కటి పీకేసి సిగ్నల్‌ని చూస్తే, 1.5 మిల్లీసెకన్లు రాయిలా నిలబడి ఉంటే తప్పు సప్లైదే. వేరే 5 వోల్టుల సప్లై ఇచ్చి, గ్రౌండ్ మాత్రం బోర్డుతో కలిపెయ్యాలి, ఆ గ్రౌండ్ కలపకపోతే సిగ్నల్‌కి ఆధారమే ఉండదు.

ఇప్పుడు అదే టైమర్‌ని ఎల్ఈడీకి పెడదాం. ఇక్కడ 50 హెర్ట్జ్ పనికిరాదు, కన్ను పక్కకి తిప్పితే చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. కొన్ని వందల హెర్ట్జ్ పైన ఉంటే హాయిగా ఉంటుంది. ప్రీస్కేలర్ 1 పెట్టి టాప్ 65535 ఇస్తే 244 హెర్ట్జ్, 16383 ఇస్తే 976 హెర్ట్జ్. రెండోది మంచి మధ్యేమార్గం, ఫోన్ కెమెరాలో చారలు తగ్గుతాయి, అడుగులు ఇంకా 16,384 మిగులుతాయి. మార్చాల్సింది ICR1 విలువ, చివర్లో CS11 బదులు CS10, అంతే.

ఎల్ఈడీకి అన్ని అడుగులు ఎందుకు, 256 చాలవా అనిపిస్తుంది. పైన వెలుగు ఎక్కువున్నప్పుడు చాలు. కింద చాలవు. కన్ను వెలుగుని నిష్పత్తిలో చూస్తుంది, 200 నుంచి 201కి మారితే ఎవరికీ తెలియదు, 1 నుంచి 2కి మారితే వెలుగు రెట్టింపు, గదిలో స్పష్టంగా గెంతినట్టు కనిపిస్తుంది. అందుకే కంటికి సమానంగా అనిపించే మెట్లు కావాలంటే విలువని 2.2 ఘాతానికి పెంచి పంపుతారు, దాన్ని గామా కరెక్షన్ అంటారు:

```
OCR = TOP * (x / 255)^2.2
```

ఇక్కడ x అంటే మనం అడిగే మెట్టు, 0 నుంచి 255. ఎనిమిది బిట్ల టైమర్‌లో ఈ లెక్క వేస్తే 10వ మెట్టుకి 0.2 వస్తుంది, రౌండ్ చేస్తే సున్నా. నిజానికి 14వ మెట్టు వరకు అన్నీ సున్నాలే, 15 నుంచి 24 దాకా అన్నీ ఒకటే. అంటే ఎల్ఈడీ ఆరిపోయి ఉండి ఉండి ఒక్కసారిగా వెలిగి, అక్కడే పదిమెట్లు ఆగి, మళ్ళీ రెట్టింపుకి గెంతుతుంది. అదే టాప్ 16383 అయితే 10వ మెట్టుకి 13, 15కి 32, 20కి 61 వస్తాయి, 3వ మెట్టు నుంచి మెట్టు మెట్టుకీ కొత్త విలువ. రాత్రిపూట మెల్లగా ఆరిపోయే బెడ్ లైట్ కావాలంటే ఈ కింది పది మెట్ల దగ్గరే అసలు తేడా ఉంది. ఈ ఘాతం లెక్కని ప్రతిసారీ చిప్‌తో చేయించడం నెమ్మది, 256 విలువల టేబుల్ ముందే తయారుచేసి ఫ్లాష్‌లో పెడితే 512 బైట్లే తింటుంది.

ఫాస్ట్ పీడబ్ల్యూఎంలో ఒక చిక్కు ఎల్ఈడీ దగ్గరే బయటపడుతుంది. పల్స్ పొడవు ఎప్పుడూ OCR1A ప్లస్ ఒకటి అని చూశాం కదా, మరి OCR1Aలో సున్నా రాస్తే? అప్పుడూ ఒక అడుగు పొడవున పిన్ లేచి పడుతుంది, 62.5 నానోసెకన్లు. బాగా వెలిగే ఎల్ఈడీ అయితే చీకటి గదిలో ఆపేసినా చిన్న మెరుపు మిగిలినట్టు కనిపించొచ్చు. పూర్తిగా ఆర్పాలంటే పిన్‌ని టైమర్ నుంచి విడదియ్యాలి:

```
if (v == 0) {
  TCCR1A &= ~(1 << COM1A1);
} else {
  OCR1A = v;
  TCCR1A |= (1 << COM1A1);
}
```

విడదీశాక పిన్ PORTBలో ఉన్న విలువకి వస్తుంది, దాన్ని ముందే సున్నాగా ఉంచాలి.

సర్వో, ఎల్ఈడీ రెండూ ఒకే బోర్డులో కావాలంటే మాత్రం ఒకదానికి తగ్గాల్సిందే. Timer1కి 9, 10 అని రెండు పిన్లు ఉన్నా టాప్ ఒక్కటే, కాబట్టి ఫ్రీక్వెన్సీ కూడా ఒక్కటే, 9 మీద సర్వో పెట్టి 10 మీద ఎల్ఈడీ పెడితే ఆ ఎల్ఈడీ 50 హెర్ట్జ్‌లోనే కొట్టుకుంటుంది. సర్వో లైబ్రరీ వాడినా ఇదే పరిస్థితి, అది Timer1ని తీసుకుని 9, 10 పిన్ల మీద analogWrite లేకుండా చేస్తుంది. Timer0 జోలికి పోకూడదు, దాని ప్రీస్కేలర్ మారిస్తే millis, delay అన్నీ తప్పు టైమ్ చెప్తాయి. మిగిలింది Timer2. సర్వోకి ఎనిమిది బిట్లు ఇస్తే 6 డిగ్రీల గెంతులు వస్తాయని పైన చూశాం, అది ఎందుకూ పనికిరాదు. ఎల్ఈడీకి ఎనిమిది బిట్లు ఇస్తే కింది పది పదిహేను మెట్లు మాత్రం పోతాయి, మిగతాదంతా బాగానే ఉంటుంది. కాబట్టి Timer1 సర్వోకి వదిలేసి, ఎల్ఈడీని 3 లేదా 11వ పిన్ మీదకి మార్చి మామూలు analogWrite వాడుకోవచ్చు, tone కూడా Timer2నే వాడుతుంది కాబట్టి అదే ప్రాజెక్టులో బజర్‌ని దానితో మోగించకుండా చూసుకుంటే చాలు.